కాలరు లేని చొక్కా

హఫీజ్‌పేటలో ఉండే మెర్సీ పదేళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీలో యూజర్ మాన్యువళ్లు రాసి, మానేసి, తెలుగు పుస్తకాలు దిద్దే పనిలో పడింది. తనలో ఒక రచయిత్రి అణగారిపోయి ఉందని ఆమె గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఇంకెవరికీ లేదు.

నంద్యాల నుంచి వచ్చి ఇక్కడే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ మేనేజరైన శివశంకర్ తన ఉద్యోగ జీవితం మీద పుస్తకం రాశాడు. దాన్ని దిద్దించాలంటే ఆయనకు భయం. "ఎంత మారుస్తారు మేడం? నాది నేనే గుర్తుపట్టలేకుండా పోతాదేమో" అని ఫోను మీద ఫోను చేశాడు. మాటలతో తేలదని మెర్సీ ఒకే పేరాను రెండు రకాలుగా చేసి చూపిస్తానంది. మొదటిది పైపైన దిద్దినది, రెండోది తిరగరాసినది.

ఆయన రాసింది ఇది: "నేను మొదటి రోజు ఆఫీసుకు వెళ్లాను. ఆఫీసుకు వెళ్లాక గేటు దగ్గర సెక్యూరిటి అతను నన్ను ఆపాడు. ఆపి కార్డు అడిగాడు. నా దగ్గర కార్డు లేదు. నాకు భయమేసింది."

మొదటి రకం చిటికెలో అయిపోయింది. అచ్చుతప్పు సరిచేసి, రెండుసార్లు వచ్చిన మాటలు తీసేసింది: "మొదటి రోజు ఆఫీసుకు వెళ్లాను. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆపి కార్డు అడిగాడు. నా దగ్గర లేదు. భయమేసింది."

రెండోదానికి మధ్యాహ్నమంతా పట్టింది. "ఆకాశాన్ని ఒరుసుకునే అద్దాల మేడ ముందు, చెమటకు తడిసిన కాలరుతో, గాలికి గడ్డిపోచలా వణుకుతూ నిలబడ్డాను" అని రాసి, తానే రెండుసార్లు పైకి చదువుకుని మురిసిపోయింది.

మర్నాడు నానక్‌రామ్‌గూడలో, ఆయన ఆఫీసు కింది క్యాంటీన్లో, ఆయన రాసిందీ, తను చేసిన రెండు రకాలూ, మూడు కాగితాలూ పక్కపక్కన పరిచింది. శివశంకర్ మొదటి రెండూ చదివి ఊపిరి పీల్చుకున్నాడు. మూడోది చదివి, కాగితం వెనక్కి తిప్పి చూశాడు.

"ఇది వేరేవాళ్ల పుస్తకంలోది కలిసిపోయినట్టుంది మేడం."

"మీదేనండీ. తిరగరాస్తే ఇలా ఉంటుంది."

"ఆ పొద్దు నేను కాలరు లేని చొక్కా వేసుకొని పోయినా. చలికాలం. చెమట యాడిది?"

మెర్సీకి మాత్రం అప్పుడు పట్టింది చెమట. తిరగరాయడమంటే వాక్యాలూ వరుసా మార్చడమే గాని, లేని చెమట పట్టించడం కాదని ఈ పనిలోకి వచ్చే కొత్తవాళ్లకు పాఠం చెప్పేది ఆమే. మూడో కాగితం మీద అడ్డంగా గీత కొట్టేసి, "ఆ సెక్యూరిటీ అతను ఏమన్నాడో గుర్తుందా?" అని అడిగింది.

"గుర్తుండకేం! 'కార్డు లేదా? జర పక్కకు నిలబడు సార్, పరేషాన్ కాకు' అన్న్యాడు."

ఆమె అక్కడే రాసింది: "'కార్డు లేదా? జర పక్కకు నిలబడు సార్, పరేషాన్ కాకు.' ఆఫీసులో మొదటి రోజు నాతో మొదట మాట్లాడింది గేటు దగ్గరి సెక్యూరిటీ అతను. కార్డు లేదు. భయం మాత్రం ఉంది."

శివశంకర్ రెండుసార్లు చదివాడు. మొదటి అధ్యాయం ఇలా తిరగరాయమనీ, మిగతాది పైపైన దిద్దితే చాలనీ తేల్చేశాడు.

"ఇది అచ్చం నేనే రాసినట్టుంది మేడం!"

ఎడిటరుకు అంతకు మించిన మెప్పు లేదని మెర్సీకి తెలుసు. అయినా ఆ గడ్డిపోచ బాగుందని ఒక్కమాట అని ఉంటే ఆయన సొమ్మేం పోయేదని, షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చుని ఇల్లు చేరేదాకా గొణుక్కుంటూనే ఉంది.