లారీలో వచ్చిన జైసల్మేర్ రాళ్ళు

జహీరాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే శోభారాణికి రాళ్ళ పిచ్చి అంటించింది వాళ్ళ నాన్న సాల్మనే. ఆయన ట్రాక్టర్లు మోసే పెద్ద లారీ నడుపుతాడు. ఫ్యాక్టరీలో కొత్త ట్రాక్టర్లు ఎక్కించుకుని, బొంబాయి రోడ్డు పట్టుకుని, గుజరాత్, రాజస్థాన్ దాకా వెళ్ళి దింపి వస్తాడు. తోటి డ్రైవర్లు ఇంటికి మిఠాయిలు తెస్తే, ఆయన ధాబా పక్కన కంటికి నచ్చిన రాయి ఏరుకొచ్చేవాడు. అలా ఒకసారి కచ్ నుంచి వచ్చిన రాయి మీద, చుట్టలు చుట్టుకున్న నత్తలాంటిదేదో అచ్చు పడి ఉంది.

"గిదేంది నాయినా, రాయిల నత్త ఎట్ల దూరింది?" అని అడిగింది ఏడో తరగతి శోభారాణి.

"నాకేం ఎరుక బిడ్డా? సదువుకుని నువ్వే నాకు చెప్పు" అన్నాడాయన నవ్వుతూ.

ఆ పిల్ల ఆ మాటను నిజంగానే పట్టుకుంది. హైదరాబాద్‌లో పీజీ చదివింది. మదన్‌మోహన్ అనే ప్రొఫెసర్ దగ్గర పీహెచ్‌డీలో చేరింది. ఉద్యోగం వచ్చాక సొంతూరికి తిరిగొచ్చి, పొద్దున పాఠాలు చెబుతూ, మధ్యాహ్నాలు పరిశోధన సాగించింది.

జహీరాబాద్ చుట్టుపక్కలంతా ఎర్రరాయి, దాని కింద లావా గడ్డకట్టిన నల్లరాయి. సముద్రపు జీవాల ఆనవాలు వెతికినా దొరకదు. అందుకని పిల్లలకు పాఠం చెప్పాలంటే నాన్న తెచ్చిన రాళ్ళే ఆమెకు ఆధారం. "ట్రైలోబైట్ అని ఒక సముద్రపు పురుగు ఉండేది. దాదాపు పాతిక కోట్ల ఏళ్ళ కింద పూర్తిగా అంతరించింది. అది కనబడిన పొర అంతకంటే కొత్తది అయ్యే వీల్లేదు. మా నాన్న తెచ్చిన రాతిలో నత్తలా చుట్టుకున్న ఈ అమ్మోనైట్లయితే ఇంకా మేలు. వాటిలో ఒక్కో రకం కొద్దికాలమే బతికింది, కానీ ఆ కొద్దికాలంలోనే సముద్రాల మీదుగా దూరదూరాలకు పాకింది. అందుకే ఇక్కడి పొరలో, అక్కడి పొరలో ఒకే రకం దొరికితే, రెండూ ఒకే కాలానివని చెప్పొచ్చు. సూచిక శిలాజాలని వీటికే పేరు" అని చెప్పేది.

పీహెచ్‌డీలో ఆమె పట్టుకున్న పని కూడా అదే. కచ్‌లోని పొరలకూ, జైసల్మేర్ దగ్గరి పొరలకూ జత కలపాలి. కచ్‌లో ఢోసా అనే ఊరి పేరుతో ఒక ప్రసిద్ధ పొర ఉంది. గసగసాలంత గుండ్రటి తుప్పురంగు గింజలు గుచ్చినట్టుండే సున్నపురాయి అది. ఆ పేరు విన్నప్పుడల్లా క్లాసులో పిల్లలు దోశ దోశ అని నవ్వుతారు. జైసల్మేర్‌లో ఆమె కొలిచిన పొరల్లో ఒకటి అచ్చం అలాగే ఉంది. అదే రంగు, అవే గింజలు. "ఇది ఢోసా పొరేనమ్మా, అనుమానమే లేదు" అన్నారు మదన్‌మోహన్. శోభారాణికి మాత్రం మనసొప్పలేదు. ఇలాంటి గింజలు ఏర్పడే లోతు తక్కువ సముద్రం ఏ కాలంలోనైనా ఉండొచ్చు. రాయి రూపు చూసి వయసు ఎట్ల చెబుతాం? కానీ ఆమెకు ఆ పొరలో పగిలిన గవ్వలు తప్ప పనికొచ్చే శిలాజం దొరకలేదు.

పోయిన డిసెంబరులో మళ్ళీ వెళ్ళింది. పొరను తవ్వి పెద్ద పెద్ద దిమ్మలు తీసి, ఎక్కడెక్కడ తీసిందో వాటి మీద రంగుతో రాసింది. అవి రైల్లో తెచ్చే బరువు కాదు. ఆ వారమే సాల్మన్ జోధ్‌పూర్‌లో ట్రాక్టర్లు దింపాడు. ఖాళీ లారీని జైసల్మేర్ తిప్పి, కూతురినీ, రాళ్ళనూ కలిపి ఎక్కించుకొచ్చాడు. దారిపొడవునా డ్రైవర్లందరికీ ఒకటే మాట: "నా బిడ్డ మాల్."

జనవరిలో ఒక శనివారం, కాలేజీ ల్యాబ్ వెనక వసారాలో ఆ దిమ్మలు పగలగొట్టడం మొదలైంది. శోభారాణికి తోడు, ఫైనల్ ఇయర్ చదివే దీక్షిత. సాల్మన్ సుత్తి పట్టుకుని వచ్చాడు, సెలవు రోజు కదా అని. దుమ్ము లేచింది, చేతులు నొప్పి పుట్టాయి. గవ్వలు, గవ్వలు, మళ్ళీ గవ్వలు.

పొద్దు వాలుతుండగా ఒక దిమ్మ నిలువునా రెండుగా విడిపోయింది. దీక్షిత వంగి చూసి, "మేడం! మా ఇంట్ల శాలిగ్రామం ఉందే, గట్లనే ఉంది!" అని అరిచింది.

శోభారాణి గబగబా మోకాళ్ళ మీద కూర్చుంది. బ్రష్‌తో దుమ్ము తుడిచింది. చుట్ట బయటపడింది. పక్కల మీద లావుపాటి గీతలు. ఆ గీతలు చీలే చోట బుడిపెలు. రకం తేలాలంటే ఇంకా చూడాల్సింది ఒకటుంది, వెలుపలి అంచు. సూదితో రాయిని కొద్దికొద్దిగా ఊడదీసింది. అంచు వెంబడి సన్నని గాడి, ఆ గాడి దగ్గర గీతలు ఆగిపోయాయి!

"రైనెకియా!" అని ఆ అమ్మోనైట్ రకం పేరు కేకేసింది. "నాయినా, ఇది ఢోసా పొర కాదు! కచ్‌ల ఇది ఢోసా పొర కంటే ఎంతో కింద ఉన్న పాత పొరల దొరుకుతది. ఢోసా పొర పడేటప్పటికి ఈ జాతి బతికిలేదు!"

"అంటే నువ్వే గెల్చినవా?" అన్నాడు సాల్మన్.

"ఆగు, ఇంకా తేలలేదు" అంటూనే ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

వెంటనే మదన్‌మోహన్‌కు ఫోన్ చేసి ఫొటోలు పంపింది. ఆయన వాటిని ఒక్కొక్కటే పెద్దవి చేసి చూశారు. తర్వాత, "రకం అదేనమ్మా. కానీ పాత పొరలోంచి కొట్టుకొచ్చి, కొత్త పొరలో మళ్ళీ పూడిపోయి ఉండొచ్చు కదా?" అన్నారు.

న్యాయమైన ప్రశ్నే. శోభారాణి భూతద్దం తీసుకుని మళ్ళీ కూర్చుంది. నీటిలో దొర్లిన గవ్వకు అంచులు అరిగిపోతాయి, దీని బుడిపెలు మాత్రం పదునుగా ఉన్నాయి. గవ్వ గదుల్లోకి చేరిన బురద పాతదైతే, చుట్టూ ఉన్న రాయికి వేరుగా కనబడాలి. ఇక్కడ లోపలా బయటా అవే గసగసాల గింజలు. అయినా ఒక్కదానితో ఆగకూడదనుకుంది. అదే పొరలో దూరంగా ఇంకోచోట తీసిన దిమ్మను ముందుకు లాగింది.

"కొట్టు నాయినా, జర నెమ్మదిగ."

మూడో దెబ్బకు రాయి చీలింది. అరచేతిలో సగమంత చుట్ట, అవే బుడిపెలు, అదే గాడి. దీక్షిత గంతులేసింది. సాల్మన్ సుత్తి కింద పడేసి, దుమ్ము చేతులతోనే కూతురి తల పట్టుకుని ఊపేశాడు.

మరుసటి ఆదివారం మదన్‌మోహన్ హైదరాబాద్ నుంచి బస్సెక్కి తానే వచ్చారు. రెండు శిలాజాలనూ ఎండలో తిప్పితిప్పి చూశారు. చూస్తున్నకొద్దీ ఆయన మొహం వెలిగిపోయింది.

"పదహారు కోట్ల ఏళ్ళు దాటిన జీవి చెబుతుంటే నేను కాదంటానా?" అని పకపకా నవ్వారు. "ఆ గీతను కిందికి దించమ్మా."

గోడ మీద అతికించిన బొమ్మలో ఒకవైపు కచ్ పొరలు, ఇంకోవైపు జైసల్మేర్ పొరలు. రెండు గింజల రాళ్ళనూ కలుపుతూ పెన్సిల్‌తో గీసిన గీతను శోభారాణి చెరిపేసింది. జైసల్మేర్ పొర నుంచి కొత్త గీత ఏటవాలుగా కిందికి దిగి, కచ్‌లో రైనెకియా దొరికే పొరను తాకింది.

"మరి ఢోసాకు జత ఏదమ్మా?" అన్నారు ప్రొఫెసర్.

"ఇంకా పైన ఉండాలి సార్. జైసల్మేర్ దగ్గర నేను కొలవని కొండ ఒకటుంది."

సాల్మన్ టీ గ్లాసులు అందిస్తూ తల పైకెత్తాడు. "మార్చి నెలల మళ్ల రాజస్థాన్ దిక్కు, బాడ్మేర్‌కు లోడ్ ఉంది. ఆడికెల్లి మీ కొండ ఎంత దూరం బిడ్డా?"