బిల్లు లేని మనుషులు

కోపం వచ్చినప్పుడు జయంతి గొంతు పెంచదు. కళ్ళద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంటుంది. ఆ మంగళవారం పొద్దున ఆమె కళ్ళద్దాలు తుడవడం అది నాలుగోసారి.

మాధవరంలో వెంకటాచలం గారి మిరపకాయల గోడౌను పైఅంతస్తులో ఆమె లెక్కలు చూస్తుంది. కింద ఇరవైఆరుమంది ఆడవాళ్ళు కారం, ధనియాల పొడి ప్యాకెట్లు కడతారు. ఏసీ గది తలుపు ఎంత బిగించినా ఆ ఘాటు పైకి వస్తుంది. జయంతికి అది అలవాటే. ఆమె నాన్న గోపాలస్వామి ఇదే ఇంటివాళ్ళకు లెక్కలు రాసి, తుమ్ముతూ తుమ్ముతూ రిటైరయ్యాడు. ఆమె ఇరవయ్యో ఏట వచ్చి ఆయన కుర్చీలో కూర్చుంది. పెళ్ళి మాట రెండుసార్లు వచ్చి ఆగిపోయింది. కుర్చీ మాత్రం నిలిచింది. ఇప్పుడు నలభైఎనిమిది.

ఆ పొద్దున మెట్ల మీద అంజలై ఆమెను ఆపింది. అంజలై ప్యాకింగులో పాతమనిషి. నవ్వు మొహమే కానీ ఆరోజు నవ్వలేదు.

"జయంతక్కా, ఈ నెలైనా ఏడో తేదీకి జీతం పడుతుందా? చెప్పేయక్కా, సరా?"

"ఎందుకట్లా అడుగుతావు?"

"ఇంటి ఓనరు చెప్పేసినాడు. ఎనిమిదికి బాడుగ రాకపోతే సామాను బయట పెడతానని. మూడు నెలలుగా ఇరవైకి ఇస్తాండారు మాకు. ఆ దేవుడికైనా తెలుసో లేదో, ఎప్పుడిస్తారో."

"వసూళ్ళు రాలేదన్నారు అంజలై," అంది జయంతి. తనకూ అదే చెప్పారు మరి.

"మీకు మాత్రం ఒకటో తేదీకే వసూలౌతుందా అక్కా?"

ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగింది. అందుకే అది గుచ్చుకుంది.

పైకెళ్ళి జయంతి కంప్యూటరులో రాబోయే వారం నగదు అంచనా తెరిచింది. వెంకటాచలం కొడుకు శ్యామ్ రెండేళ్ళ కింద పెట్టించిన సాఫ్ట్‌వేర్ అది. బ్యాంకులో ఉన్న నిల్వ తీసుకుని, కొన్నవాళ్ళ దగ్గరినుంచి రావలసిన బిల్లులను గడువు తేదీల ప్రకారం కలుపుతుంది. మనం సరుకువాళ్ళకు కట్టవలసిన బిల్లులను తీసేస్తుంది. బిల్లు లేని ఖర్చులు, అంటే అద్దె, బ్యాంకు వాయిదా, జీతాలు, ముందే చేయబోయే చెల్లింపులుగా మనమే ఎక్కించాలి. అవీ తీసేసి, ఏ వారం డబ్బు చాలదో చూపిస్తుంది. ఆ వారం పచ్చగా ఉంది. లక్ష రూపాయలు మిగులు.

జయంతి ఒక్కో వరుసా చదివింది. ఆఫీసు జీతాలున్నాయి, అందులో తనదీ ఉంది. అద్దె ఉంది. వాయిదా ఉంది. ప్యాకింగు ఆడవాళ్ళ కూలి లేదు.

ఇంకోసారి చూసింది. లేదు.

అప్పుడు తట్టింది. ఒళ్ళు మండింది, ముందు తన మీదే. నాలుగు నెలల కిందటి దాకా ఆ ఆడవాళ్ళను ఒక కాంట్రాక్టరు పంపేవాడు. వాడు వాళ్ళ పీఎఫ్ కోసుకుని కట్టకుండా మింగుతున్నాడని కనిపెట్టి, పోట్లాడి వాడిని మానిపించింది జయంతే. అందరినీ కంపెనీ పేరు మీదికి తెచ్చింది. కాంట్రాక్టరు ఉన్నన్నాళ్ళు నెలనెలా బిల్లు పెట్టేవాడు, ఆ బిల్లు అంచనాలో కూర్చునేది. వాడు పోయాడు, బిల్లూ పోయింది. ఆడవాళ్ళ కూలిని చెల్లింపుగా ఎవరూ ఎక్కించలేదు. వాడి పేరుమీద కనబడిన ఇరవైఆరుమంది, సొంత పేర్లు వచ్చాక మాయమయ్యారు.

మిగులు కనపడిందంటే శ్యామ్ ఊరుకోడు. గుంటూరు మిరపకాయల వ్యాపారికి గడువుకు ముందే ఎనిమిది లక్షలు కడితే రెండు శాతం తగ్గింపు. ఈ నెలా ఆ చెల్లింపును నాలుగో తేదీకే ఎక్కించి పెట్టాడు. పోయిన నెల అలా పదహారు వేలు మిగిలాయని మైసూర్‌పాక్ పంచాడు. జయంతి కూడా తిన్నది. అంజలై నెల జీతం పధ్నాలుగు వేలు.

కూలి నాలుగు లక్షలు ఏడో తేదీకి ఎక్కించింది. మిగులు పోయి మూడు లక్షల లోటు, ఎర్రగా. ఆరో తేదీకి రావలసిన హోటళ్ళ కంపెనీ ఐదు లక్షలను, వాళ్ళు మామూలుగా కట్టే తేదీకి, ఇరవైఒకటికి జరిపింది. లోటు ఎనిమిది లక్షలకు పెరిగింది.

శ్యామ్ వచ్చి తెర చూసి అదిరిపోయాడు. "అక్కా, ఏంటిది? పదకొండు గంటలకు బ్యాంకాయన వస్తున్నాడు. అప్పు లిమిట్ పెంచమని అడిగేది ఈ ఎరుపు చూపించా?"

"ఉన్నది చూపించినాను."

"హోటల్ వాళ్ళకు గడువు ఆరు. గడువు ప్రకారం పెట్టడమే కదా రూలు!"

"వాళ్ళు ఒక్కసారన్నా ఆరుకు కట్టినారా శ్యామూ? నువ్వే చెప్పు."

శ్యామ్ తల గోక్కున్నాడు. చెడ్డవాడు కాదు. పచ్చరంగంటే ఇష్టం, అంతే.

అంతలో వెంకటాచలం వచ్చాడు. విన్నాడు. పాన్ నములుతూ నవ్వాడు. "జయంతీ, ఆ కూలి లైను ఈ ఒక్కపూటకు తీసేయమ్మా. బ్యాంకాయన పోయినాక మళ్ళీ పెట్టుకో. వాళ్ళు ఎక్కడికి పోతారు? కొంచెం ఆలస్యమైనా ఎప్పుడూ ఇస్తూనే ఉన్నాం కదా."

ఎక్కడికి పోతారు! ఎనిమిదో తేదీ పొద్దున సామాను చేత పట్టుకుని ఎక్కడికి పోవాలో అంజలైకి మాత్రం తెలుసా? గుంటూరాయనకు గడువు ఇరవైఐదు. ఆయన అడగను కూడా అడగలేదు. అడగనివాడికి ముందే కట్టి, అడుగుతున్నవాళ్ళను ఆపడం! అప్పు కోసం బ్యాంకుకెళ్తే వడ్డీ. ఈ ఆడవాళ్ళ దగ్గర పదమూడు రోజుల అప్పు ఊరికే. వాళ్ళకు తెలియకుండా, వాళ్ళనడగకుండా.

జయంతి కళ్ళద్దాలు తుడుచుకుంది.

"నేను తీయను మామా."

"ఏమీ?"

"తీయాలంటే మీ లాగిన్‌తో మీరు తీయండి. ఎవరు తీసినారో మిషను రాసి పెట్టుకుంటుంది. నా పేరుతో మాత్రం పడకూడదు. నా జీతం ఆ జాబితాలో ఉంది. తీయాలంటే ముందు దాన్ని తీయండి."

కింద ఎవరో తుమ్మారు, వరసగా ఐదారు తుమ్ములు.

వెంకటాచలం కొడుకు వైపు చూశాడు. శ్యామ్ మౌస్ మీద చెయ్యి పెట్టాడు. కూలి లైను మీద కాకుండా గుంటూరు చెల్లింపు మీద నొక్కి, నాలుగో తేదీ తీసేసి ఇరవైఐదు వేశాడు. ఎనిమిది లక్షలు ఆ వారంలోంచి వెళ్ళిపోయాయి. తెర మీద సున్నా మిగిలింది. మిగులూ లేదు, లోటూ లేదు. ఇరవైఒకటికి హోటళ్ళ డబ్బు, ఆలోపు మిగతా వసూళ్ళూ వస్తాయి కాబట్టి, ఇరవైఐదూ గడుస్తుంది.

"పదహారు వేలు పోయె," అన్నాడు వెంకటాచలం.

"పోలేదు మామా. అది మనది కాదు."

ఆయన పాన్ ఉమ్మడానికి వెళ్ళాడు.

ఏడో తేదీ మధ్యాహ్నం కింద ఫోన్లు ఒకదాని వెంట ఒకటి మోగాయి. అంజలై మెట్లెక్కి వచ్చి, కారం అంటిన చేతులు వెనక్కి పెట్టుకుని తలుపు దగ్గర నిలబడింది.

"పడినాయక్కా. ఇప్పుడే ఓనరుకు పంపేసినాను." తర్వాత అడిగింది. "మూడు నెలలూ ఎందుకు ఆలస్యమైందక్కా?"

జయంతి తెరను ఆమె వైపు తిప్పి, ఉన్నదున్నట్టు చెప్పింది. బిల్లులున్నవాళ్ళు, మనం ఎక్కించినవాళ్ళు మాత్రమే అందులో కనబడతారని, వీళ్ళ పేరు అందులో లేదని.

అంజలై ఆ గీతల వైపు చూసింది. "గుంటూరు మిరపకాయలాయన ఉన్నాడా ఇందులో?"

"ఉన్నాడు."

"గోడౌను అద్దె?"

"ఉంది."

"ఆ కారం ప్యాకెట్లు కట్టేవాళ్ళం మాత్రం లేమా?"

అంజలై గిరుక్కున తిరిగి కిందికి దిగింది. మూడు నెలల ఆలస్యానికి ఎవరూ క్షమించమని అడగలేదు. జయంతి తెరను మళ్ళీ తనవైపు తిప్పుకుని, ఆ కూలిని నెలనెలా ఏడో తేదీకి దానంతటదే పడేలా ఎక్కించింది.