అత్త కాచిన పాలు

పాలు పొయ్యి మీద ఉన్నప్పుడు మా అత్తను పలకరించకూడదు. ఇల్లు తగలబడుతోందన్నా "ఉండవే, పొంగనీ" అంటుంది. వీధిలో అందరికీ తెలుసు ఈ సంగతి. ఎవరైనా ఆ టైములో వస్తే నేనే గుమ్మం దగ్గర ఆపి, "పాలు మీదున్నాయి, కూర్చోండి" అని కుర్చీ చూపిస్తాను. గుళ్లో దేవుడికి కూడా అంత వెయిటింగు ఉండదు.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదంటే "టైం దొరకలేదే" అంటుంది, ఏదో సినిమాకి వెళ్లడానికి కుదరనట్టు. పొద్దున్నే డ్యూటీలకి పరిగెత్తే తల్లుల పిల్లల్ని సాయంత్రం దాకా చూసుకోవడం ఆమె పని. ముందు గదిలో ఒక పక్క నా కుట్టుమిషన్, ఇంకో పక్క పిల్లల చాప. సూదులు ఎక్కడ పారేస్తానో అని ఆమెకు నా మీద అనుమానం, నా గుడ్డల మీద ఎవడు ఉచ్చపోస్తాడో అని నాకు వాళ్ల మీద అనుమానం. అలా గడిచిపోతోంది మా సంసారం. మా వీధి చివర సెలూన్ పెట్టుకున్నవాడూ, ఆటో తోలేవాడూ ఆ చాప మీద దొర్లినవాళ్లే. ఇప్పటికీ అత్త కనిపిస్తే జేబులో సిగరెట్ పెట్టె లోపలికి తోసుకుంటారు.

పాలు పక్కింటి ఆవు పిన్నివి. ఆమెకున్నది ఒకే ఒక్క ఆవు. దాన్ని గురించి మాట్లాడితే సొంత కూతురి గురించి చెప్పినంత మురిపెంగా మాట్లాడుతుంది. "మా ఆవు పాలు కాచక్కర్లేదు వదినా, పచ్చివే అమృతం. నేను రోజూ పిండిన చోటే తాగుతాను, నాకేమైంది?" అంటుంది. అత్త ఒప్పుకోదు. గుడ్డలో వడకట్టి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో పోసి, గరిటెతో అడుగంతా కలుపుతూ నిలబడుతుంది. పైకి నురగ లేచిందని పొయ్యి కట్టేసేవాళ్లంటే ఆమెకు ఒళ్లుమంట. "అది పొంగు కాదే, ఉత్త గాలి. కలిపి, కిందా పైనా తెర్లనియ్యాలి" అంటుంది. పిల్లల పాలల్లో నీళ్లచుక్క కూడా పడనివ్వదు. ఆ ఒక్క విషయంలో మా అత్తకు ఎంత గర్వమో చెప్పలేను.

అప్పట్లో మా ఇంట్లో ముగ్గురు పిల్లలుండేవారు. ఇద్దరు కాస్త పెద్దవాళ్లు, బడికి వెళ్లే వయసుకు దగ్గర్లో ఉన్నారు. మూడోది పిడుగు. దాని అసలు పేరు వాళ్లమ్మ కూడా మరిచిపోయి ఉంటుంది. అప్పుడప్పుడే పరిగెత్తడం నేర్చింది, పడటం మానలేదు. వాళ్లమ్మ బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు చేస్తుంది, పొద్దుటి షిఫ్టు. పిల్లని అత్త చేతుల్లో పెట్టి, వెనక్కి తిరిగి చూస్తే అది ఏడుస్తుందని చూడకుండా వెళ్లిపోయేది.

ఒకరోజు పిడుగుకి విరేచనాలు పట్టుకున్నాయి. పిల్లలకి మామూలేగా అనుకున్నాం. మర్నాటికి జ్వరం వచ్చింది, విరేచనంలో రక్తం కనిపించింది. వాళ్లమ్మ ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తింది. చేర్చుకున్నారు.

సాయంత్రం నేను వెళ్లి చూశాను. ఇల్లు పీకి పందిరేసే పిల్ల, గుడ్డపీలికలా పడుంది. డాక్టరమ్మ వాళ్లమ్మతో చెబుతోంది: "ఉచ్చ పోస్తోందా లేదా, అదే కనిపెట్టుకుని ఉండు. ఈ జబ్బు కొంతమంది పిల్లల్లో కిడ్నీల దాకా పోతుంది. మొహం ఉబ్బినట్టున్నా, రంగు పాలిపోయినా వెంటనే నర్సుని పిలువు."

పక్కన పిడుగు నానమ్మ ఊరుకుందా? "ఉద్యోగాలు వెలగబెడితే ఇంతే మరి. ఇంట్లో పెట్టిన తిండి సరిగ్గా ఉంటే కదా? మిగతా ఇద్దరు పిల్లలు అవే పాలు తాగి గుండ్రాళ్లలా ఉన్నారు. తప్పంతా మా ఇంట్లోనే ఉంది. రేపట్నుంచి పని మానెయ్." వాళ్లమ్మ చూపు మాత్రం పిడుగు పొత్తిగుడ్డ మీదే ఉంది, ఎప్పుడు తడుస్తుందా అని.

"పచ్చిపాలేమైనా పట్టారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"లేదండీ. అత్త కాచిన పాలు" అంది వాళ్లమ్మ. అది చెబితే ఇక ఎవరూ ఏమీ అడగరన్నట్టు చెప్పింది.

"ఆమెను ఒకసారి రమ్మనండి. పిల్ల నోట్లోకి ఏం వెళ్లిందో తెలియాలి. ఇంకో ఇద్దరు పిల్లలున్నారంటున్నారుగా."

ఇంటికొచ్చి, నా కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి, తిన్నగా ఆవు పిన్ని మీద పడ్డాను. "నీ పాలల్లో ఏం కలిపావు?" అన్నాను. "నా నోట్లో మన్ను పడ! కలిపితే నా చేతులు పడిపోవాలి!" అని ఆమె ఏడుపందుకుంది. అత్త మధ్యలోకొచ్చి ఇద్దర్నీ కసిరి, "ఏమైనా ఉన్నా నా పొయ్యి మీద చచ్చిపోయి ఉంటుంది. పద, నేనే చెబుతాను ఆ డాక్టరుకి" అని చెప్పులేసుకుంది. ముగ్గురం వెళ్లాం.

డాక్టరమ్మ పిడుగు మంచం పక్కనే అత్తను కూర్చోబెట్టింది. "కాచాను అని ఒక్క ముక్కలో చెప్పకండమ్మా. పాలు ఇంట్లోకొచ్చిన దగ్గర్నుంచి పిల్ల నోట్లో పడేదాకా మొత్తం చెప్పండి."

అత్తకు ఇంతకంటే ఏం కావాలి? మొదలుపెట్టింది. వడకట్టడం, అడుగు కలపడం, తెర్లడం. డాక్టరమ్మ తల ఊపుతూంటే అత్త మొహం వెలిగిపోతోంది. పిడుగు నానమ్మ వైపు కూడా ఒక చూపు విసిరింది, విన్నావా అన్నట్టు.

"తర్వాత గ్లాసుల్లో పోస్తాను. కాలిపోతూంటాయి కదండీ. పెద్దవాళ్లిద్దరూ చల్లారేదాకా ఆగుతారు. ఇదెక్కడ ఆగుతుంది? ఏడ్చి ఏడ్చి మొహం కందగడ్డ చేసుకుంటుంది. నీళ్లు కలపనండీ నేను, పిల్లల పాలల్లో నీళ్లు కలిపే రకం కాదు. అందుకని పక్కన తీసి పెట్టిన పాలే ఓ గరిటె దీని గ్లాసులో..."

అక్కడ ఆగిపోయింది.

"పక్కన తీసి పెట్టినవంటే, కాచకముందు తీసినవా?" అని అడిగింది డాక్టరమ్మ.

"కాచకముందువే. కానీ వేడి పాలల్లోనే పోశానండీ" అంది అత్త. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

డాక్టరమ్మ అరవలేదు. "పిల్ల తాగగలిగేంత చల్లబడ్డాయంటే, క్రిములు బతికేంత చల్లబడ్డట్టే కదమ్మా. ఒక్క గరిటె పడినా ఆ గ్లాసు మళ్లీ పచ్చిపాలే. పరీక్ష రిపోర్టు రావాలి గానీ, నాకు దీని మీదే అనుమానం."

"మా ఆవుకి ఏ జబ్బూ లేదండీ!" అంది పిన్ని వెనకనుంచి.

"జబ్బు ఉండక్కర్లేదమ్మా. ఆవు నిక్షేపంలా ఉన్నా దాని పేడలో ఈ క్రిములుండొచ్చు. పొదుగుకో, చేతికో, బకెట్టుకో కంటికి కనపడనంత అంటితే చాలు. పాలు తెల్లగానే ఉంటాయి, వాసన కూడా మారదు. బయట పెట్టిన కొద్దీ పెరుగుతాయి. మీరు తాగి తట్టుకున్నారు. అందరూ అలా తట్టుకోలేరు, ఇంత పసిపిల్లలైతే మరీను."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇన్నేళ్లూ రెండు గ్లాసులతో తిరగబోసి చల్లార్చేదానివిగా! ఇదెప్పుడు నేర్చావే తల్లీ?" అని అందరి ముందే అరిచాను.

అత్త కుడిచెయ్యి కొంగు కింద దాచుకుంది. "మణికట్టు పట్టు తప్పిందే. ఎత్తి పోస్తే పక్కకి పడుతున్నాయి. వేడిపాలు పిల్లల మీద పడితే?"

"మరి నాకు చెప్పి చావొచ్చుగా?"

"నీకు చెబితే వీధంతటికీ తెలుస్తుంది. చెయ్యి పనిచెయ్యని దాని దగ్గర పిల్లల్ని ఎవరు వదులుతారు?"

అదే గదిలో కూర్చుని రోజంతా మిషన్ తొక్కుతాను. ఆమె చెయ్యి కనిపించలేదు నాకు.

అత్త లేచి పిడుగు నానమ్మ ముందు నిలబడింది. "అమ్మా, మీ కోడలిది తప్పు లేదు. మీ ఇంటి తిండిది కూడా కాదు. నా చేతిది. తిట్టేదేదో నన్ను తిట్టండి." నానమ్మ మొహం తిప్పుకుంది. పిడుగు తల్లి మాత్రం అత్తను తిన్నగా చూసింది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది నాకు.

ఆ తర్వాత అత్త వార్డులోకి అడుగు పెట్టలేదు, ఇంటికీ రాలేదు. వరండాలో గోడకి ఆనుకుని కూర్చుంది. నేను తెచ్చిన టీ అలాగే చల్లారిపోయింది. లోపల నర్సులు రక్తం తీశారు, సెలైన్ మార్చారు. పొత్తిగుడ్డ పొడిగానే ఉంది.

తెల్లారాక, ఎండ వరండాలోకి వచ్చే వేళకి, లోపలినుంచి కేక వినిపించింది. "పోసింది! నా చీరంతా తడిపేసింది!" పిడుగు తల్లి తడిసిన చీర పట్టుకుని ఏడుస్తూ నవ్వుతోంది. పక్క మంచాల వాళ్లు కూడా నవ్వారు. లేవబోయిన అత్త మళ్లీ కూలబడి, మోకాళ్లలో మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

పిల్ల ఇంటికొచ్చింది. మెల్లగా కోలుకుంది. అత్త మిగతా ఇద్దరి తల్లుల్నీ పిలిచి, ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పింది. చెయ్యి సంగతి కూడా చెప్పింది. వాళ్లు పిల్లల్ని మానిపించలేదు. అయినా ఆమె మనసు మామూలు కాలేదు. పచ్చిపాల గిన్నె, గరిటె వాడిన వెంటనే సబ్బుతో కడిగి వేరే అరలో పెట్టేది. కాచిన పాల గిన్నె మూతపెట్టి చన్నీళ్ల పళ్లెంలో దించేది, చల్లారేదాకా ఎవరెంత ఏడ్చినా ఏడవనిచ్చేది. ఆవు పిన్ని కూడా ఇప్పుడు చేతులూ పొదుగూ కడిగి పిండుతోంది. "అయినా కాచుకోండి" అని తనే చెబుతోంది ఊరందరికీ.

పిడుగు తల్లి మాత్రం రాలేదు. సెలవులో ఉందని విన్నాం. పని మానేస్తుందని కూడా విన్నాం.

ఒక పొద్దున గుమ్మంలో ప్రత్యక్షమైంది, పిల్లని చంకనేసుకుని. "పాలు మీదున్నాయి, కూర్చో" అన్నాను అలవాటుగా. కూర్చోలేదు. తిన్నగా వంటింట్లోకి వెళ్లి అత్త పక్కన నిలబడింది. పాలు తెర్లేదాకా చూసింది, నీళ్లలో చల్లారేదాకా చూసింది. గ్లాసు తనే కడిగి, తనే పోసి, రెండు చుక్కలు ముంజేతి మీద వేసుకుని చూసి పిల్ల నోటికి పెట్టింది. పిడుగు మొహం తిప్పేసుకుంది. రెండు చేతులూ అత్త వైపు చాచింది.

అత్త వెనక్కి జరిగింది. "నేను పట్టనమ్మా. నువ్వే పట్టు."

"నాకింకా భయంగానే ఉంది అత్తా" అంది పిడుగు తల్లి. "నీ మీద కోపం కూడా పోలేదు. కానీ దీన్ని ఎవరి దగ్గర వదిలినా భయమే. నువ్వైతే తప్పు చేస్తే చెబుతావు."

పిల్లని అత్త ఒళ్లో పెట్టి, గ్లాసు చేతికిచ్చి, షిఫ్టుకి టైమైందని వెళ్లిపోయింది. ఈసారి గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగి చూసింది.