మూడు ల్యాంపుల ఉత్తరం

సర్వీసు రిపోర్టు హిందీలో ఉంది: "వాడకంలో తప్పు. ల్యాంపును తానే ఖతం చేశానని అటెండెంటు ఒప్పుకుంది." కింద, బడికి ప్రొజెక్టర్లు అమ్మిన జుగ్సలాయి దుకాణం మెకానిక్ సూరజ్ సంతకం.

ఆ కాగితం పట్టుకునే ప్రిన్సిపాల్ అన్నారు, సోమవారం నుంచి అటెండెంటు సన్యాసమ్మను పంపొద్దని కాంట్రాక్టరుకు చెబుతానని. పద్మకుమారి ఆ రిపోర్టు కాపీ ఒకటి తీసుకుని ల్యాబుకు వచ్చేసింది. పద్నాలుగేళ్లుగా ఆ బడిలో ల్యాబ్ ఇన్‌చార్జి ఆమె. ఎదుట నిలబడి వాదించడం ఆమెకు ఎన్నడూ చేతకాలేదు. రాయడం మాత్రం వచ్చు.

జూలైలో అయిదు ప్రొజెక్టర్లు కొన్నారు. ల్యాంపు నాలుగు వేల గంటలు వెలుగుతుందని కాగితంలో ఉంది. నవంబరు దాటకుండానే మూడింటి ల్యాంపులు పోయాయి. గ్యారంటీ ఆరు నెలలు. ఇంకా తొమ్మిది రోజుల గడువుంది.

ఆమె సన్యాసమ్మను ల్యాబులోకి పిలిచి కూర్చోబెట్టింది.

"పిన్నీ, ఆ రోజు సూరజ్ ఏమడిగాడు? నువ్వేం చెప్పావు?"

"బత్తీ ఎవలు బంద్ చేత్తారని అడిగినాడమ్మా. మరి దీపాన్ని ఆర్పీసినానంటే బాగుంటదేటి? కొండెక్కించీసినానంటాం గదా. అదే హిందీలో సెప్పినాను, పహాడ్ పే చఢా దియా అని."

"కొండ మీదికి ఎక్కించానన్నావా!"

"ఆడు నోరెల్లబెట్టి మతలబ్ ఏటన్నాడు. ఖతం, ఖతం అన్నాను. ఆడు రాసీసుకున్నాడు."

పద్మకుమారి నవ్వు ఆపుకోలేకపోయింది. వెంటనే ఆ నవ్వుకు తానే సిగ్గుపడింది. ఆ ఒక్క మాటకు ఈవిడ ఉద్యోగం పోబోతోంది.

"ఇప్పుడొకసారి బంద్ చేసి చూపించు."

సన్యాసమ్మ రిమోటు బటన్ రెండుసార్లు నొక్కింది. వెలుగు పోయింది, ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది. ఫ్యాను ఆగేదాకా చేతులు కట్టుకు నిలబడి, ఆ తరవాతే గోడ మీది స్విచ్చి తీసింది. "నువ్వే గదమ్మా నేర్పినావు, లోన సల్లారకుండా కరెంటు తీయకూడదని."

తప్పు ఆమె దగ్గర లేదు. కానీ ఆ సంగతి ఆ దుకాణం యజమాని బలరామ్‌కు నమ్మకం కలిగేలా ఎలా చెప్పాలి?

పద్మకుమారి నిచ్చెనేసుకుని గదులన్నీ తిరిగింది. ల్యాంపు పోయిన ప్రొజెక్టర్లలోకి బాగున్న ల్యాంపునొకదాన్ని మార్చి మార్చి పెట్టి, మెనూలో ఎన్ని గంటలు వాడారో చూసింది: మూడు వందల పది, మూడు వందల నలభై అయిదు, రెండు వందల తొంభై. ఫిల్టర్లు నెలకోసారి తుడిచిన తేదీలు రిజిస్టరులో ఉన్నాయి. రెండుసార్లు పాఠం మధ్యలో కరెంటు పోయింది, అదీ రాసి ఉంది. దాచాలా? దాచలేదు. ఆ రెండు రోజులూ అయిదు గదుల్లోనూ కరెంటు పోయిందనీ, రెండు ల్యాంపులు ఇప్పటికీ వెలుగుతున్నాయనీ ఉత్తరంలో చేర్చింది.

అసలు చిక్కు మూడో ల్యాంపు దగ్గర వచ్చింది. అది మీటింగు హాల్లోది. ఆ తాళం ప్రిన్సిపాల్ ఆఫీసులో ఉంటుంది, సన్యాసమ్మ ఆ హాలు గుమ్మం తొక్కదు. రెండు వందల తొంభై గంటలకే పోయింది అదే.

హాలు తాళం ఆఫీసులోనే ఉంటుందన్న వాక్యం రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. "ల్యాంపులు కంపెనీకి పంపి పరీక్ష చేయించండి, కొత్తవి పంపండి, మా అటెండెంటు మీద రాసిన వాక్యం లిఖితపూర్వకంగా వెనక్కి తీసుకోండి" అని ముగించింది. ఉత్తరం బడి పేరున పోవాలంటే ప్రిన్సిపాల్ సంతకం కావాలి.

ఆయన చదువుతూ మీటింగు హాలు దగ్గర ఆగారు. "మా ఆఫీసు మాట ఇందులో అవసరమా?"

పద్మకుమారి చూపు బల్ల మీదనుంచి లేవలేదు. "అది తీసేస్తే తప్పంతా ఆమె మీదే నిలుస్తుంది, సర్."

ఆయన కొంతసేపు కాగితం తిరగేసి, సంతకం పెట్టారు.

అయిదో రోజున బలరామ్ ఫోన్ చేశాడు. "మేడమ్, మీ మూడు ల్యాంపులూ ఒకే లాటువి, ఒకేసారి తయారైనవి. ఆ లాటులోవి పర్సుడీహ్‌లో ఇంకో బడి నుంచి కూడా రెండు తిరిగొచ్చాయి. మనిషిని పంపుతున్నా."

సూరజ్ మూడు కొత్త ల్యాంపులు బిగించి, గంటల లెక్క సున్నాకు మార్చాడు. కొత్త రిపోర్టులో "ల్యాంపులోనే లోపం, పాత రిపోర్టు రద్దు" అని రాశాడు. సన్యాసమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చింది.

"ఏటి రాసినావు బాబూ? సదివి ఇనిపించు. మల్ల నేనేటి సెప్పినాననో రాసీసుంటావు."

ఆ మాట పద్మకుమారి హిందీలో చెబితే అతను చదివాడు. ఆమె దాన్ని తెలుగులో మళ్ళీ చెప్పింది. సన్యాసమ్మ తల ఊపి, "ఇంకోపాలి నన్నడిగితే ఈ అమ్మని ఎదర ఎట్టుకుని అడుగు" అని అతనికి ఆనపెట్టింది.

పద్మకుమారి ఆ కాగితం కాపీ తీసుకెళ్లి ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టింది. కాంట్రాక్టరుకు ఇంకా ఫోన్ చేయలేదని, ఇక చేయనని ఆయన అన్నారు. సోమవారం సన్యాసమ్మ ఎప్పటిలాగే ఏడున్నరకు వచ్చి గదుల తాళాలు తీసింది.