అద్దంలో కనిపించిన కెమెరా

నేను బాన్సువాడ కోర్టులో జూనియర్‌గా చేరిన కొత్తలో, తొంభైల నడుమ, ఒక వానాకాలం పొద్దున మా సీనియర్ ఆఫీసుకు ఒక ఫోటోగ్రాఫర్ వచ్చాడు. ఊళ్లో సగం పెళ్ళిళ్ళ ఫోటోలు తీసింది ఆయనే. మా కేసుల్లో కూడా సాక్షిగా చాలాసార్లు బోనెక్కాడు. కూలిన గట్లు, తెగిన కాలువలు, కాలిన గడ్డివాములు, ఇట్లాంటివన్నీ ఫోటోలు తీసి, నెగెటివ్‌లు చేత పట్టుకుని "ఇవి నేను తీసినవే" అని జడ్జిగారికి చెప్పిపోయేవాడు. ఆ రోజు మాత్రం ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా బురదే.

"సార్, నా స్టూడియో కూలిపోయింది" అన్నాడు.

పక్క స్థలం ఆసామి దుకాణాల సముదాయం కట్టడానికి పునాది తవ్వించాడట. గోడను ఆనుకుని లోతుగా తవ్వి, మట్టికి ఏ ఆపూ పెట్టకుండా వదిలేశాడు. రెండు రోజుల ముసురుకు గుంటలో నీళ్ళు నిండి, స్టూడియో గోడ అటు ఒరిగి, దాంతోపాటు వెనక డార్క్‌రూమ్ కప్పు కూలింది. కెమెరా, ఫోటోలు పెద్దవి చేసే ఎన్‌లార్జర్, ఏళ్ళ తరబడి డబ్బాల్లో దాచిన నెగెటివ్‌లు అన్నీ దాని కిందే ఉండిపోయాయి. అడగడానికి పోతే పక్క ఆసామి, "నీది పాత మట్టిగోడ, వానకు పడ్డది, నాకేం సంబంధం" అన్నాడట.

"ఒక్క ఇటుక కూడా జరపకు. ముందు ఫోటోలు తీయాలె" అన్నారు సీనియర్.

"ఇప్పుడే పోయి తీస్త సార్, దోస్తు దగ్గర కెమెరా తెస్త."

"నువ్వు తీయొద్దు. దావా నీది, ఫోటో నీది అంటే రేపు వాళ్ళ వకీలు నవ్వుతడు. వేరేవాళ్ళతోని తీపియ్యి."

ఆ మాట ఆయనకు చాలా కష్టమనిపించిందని మొహం చూస్తే తెలిసింది. చివరికి బస్టాండు దగ్గర ఇంకో స్టూడియో నడిపే మనిషిని, అంటే తన పోటీదారును, పిలుచుకొచ్చాడు. నేనూ వెళ్ళాను. మా ఫోటోగ్రాఫర్ గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. తన శిథిలాన్ని ఇంకొకడు ఫోటో తీస్తుంటే మొదట నేల చూపులు చూశాడు. తర్వాత ఉండబట్టలేక, "అన్నా, గట్ల కాదు. గుంత, గోడ రెండూ ఒక్క ఫ్రేములనే రావాలె. వేరే వేరే తీస్తే గుంత ఎక్కడిదో, గోడ ఎక్కడిదో అంటరు" అన్నాడు. పోటీదారు మారుమాట లేకుండా వెనక్కి జరిగి తీశాడు.

దావాతోపాటు, చోటు చూసి రిపోర్టు రాసే కోర్టు కమిషనర్ కోసం దరఖాస్తు కూడా వేశాం. కోర్టు నియమించిన వకీలు ఒకరు ఇరుపక్షాలకూ నోటీసు ఇచ్చి, టేపుతో గుంట లోతు కొలిచి, గోడ ఎటు పడిందో రాసుకుని, తన ఎదుటే మట్టి తీయించి, కింద ఏమేం దొరికాయో కూడా చేర్చి రిపోర్టు ఇచ్చారు. కెమెరా చితికిపోయింది. నెగెటివ్‌లు ఒకదానికొకటి అంటుకుని ముద్దగా వచ్చాయి.

ఇక రుజువులు కూర్చడం నా పని. ఎన్‌లార్జర్‌కు బిల్లు దొరికింది. మేస్త్రీ గోడకు అంచనా రాసి సంతకం పెట్టాడు. చిక్కంతా కెమెరాతోనే. పైనుంచి తొంగిచూసి తీసే రెండు కళ్ళ కెమెరా అది. నాందేడ్‌లో ఒక ముసలి ఫోటోగ్రాఫర్ స్టూడియో మూసేస్తుంటే కొన్నాడు. రసీదు లేదు. అమ్మినాయన పోయాడు. అవతలి పక్షం జవాబులో, ఆ చితికిన డబ్బా ఎక్కడో తెచ్చి మట్టిలో పడేశాడనీ, అతనికి అట్లాంటి కెమెరా ఎన్నడూ లేదనీ రాశారు.

"ఊరంతా చూసిండ్రు కదా వకీలమ్మా! గా కెమెరతోని ఫోటో దిగనోళ్ళు ఉన్నరా?" అన్నాడు.

"చూసినోళ్ళను తీసుకరా అన్నా. కాగితం ఉంటే ఇంకా మంచిది."

"అప్పట్ల ఒక ఫోటో చెడిపోయింది" అన్నాడు ఆయన. "నస్రుల్లాబాద్ దిక్కు తండా పిల్ల. పెండ్లి బట్టలతోని వచ్చి మా అద్దం ముందట గొలుసులు సదురుకుంటుంటే తీసిన. కడిగి చూస్తే అద్దంల నేను పడ్డ. పైసలెట్ల తీసుకుంట? ఊకెనే ఇచ్చిన."

ఆ తండాకు వెళ్ళాం. ఆమె అప్పటికి ఇద్దరు పిల్లల తల్లి. ట్రంకు పెట్టె అడుగున బట్టలో చుట్టి దాచిన ఫోటో తీసింది. అద్దంలో ఆమె మొహం, ఆమె భుజం వెనక వంగి నిలబడ్డ ఈ మనిషి, అతని పొట్ట దగ్గర ఆ రెండు కళ్ళ కెమెరా.

"ఇది కోర్టుల ఇయ్యాల్నా? మల్ల ఇస్తరా?" అని అడిగింది. ఇప్పిస్తానని మాట ఇచ్చాను.

ఆ రోజుల్లో సాక్షులు తమ పక్షం వకీలు అడిగే ముఖ్య విచారణ కూడా బోనులోనే నోటితో చెప్పాలి. ఫోటోను రుజువుగా చేర్చి నంబరు గుర్తు వేయబోతే అవతలి వకీలు లేచి, నెగెటివ్ లేనిదే ఒప్పుకోవద్దన్నాడు. మా సీనియర్ నెమ్మదిగా, "నెగెటివ్ ప్రతివాది గుంటలో పడిన గోడ కింద నాశనమైంది. ముద్దైన సంగతి కమిషనర్ రిపోర్టులో ఉంది" అన్నారు. జడ్జిగారు అభ్యంతరం రాసుకుని, దాన్ని తర్వాత తేల్చే షరతు మీద ఫోటోకు గుర్తు వేశారు. ఫోటో అసలుదని చెప్పడానికి ఇద్దరున్నారు: తీసినవాడు వాది. ఫోటోలో ఉన్నామె సాక్షి.

అవతలి వకీలు ఆమెను అడిగాడు. "ఆ కెమెరా ఆయనదేనని నీకేం తెలుసు? కిరాయికి తెచ్చిండేమో?"

"గది నాకు తెల్వది సార్" అందామె. "నేను ఎన్నిసార్లు పోయినా ఆయన మెడలనే ఉండె. మా చెల్లె పెండ్లికి గదే, మా పెద్దపిల్లగాడు పుట్టినంక గదే."

తెలియనిది తెలియదని చెప్పడం వల్లే ఆ సాక్ష్యం నిలిచిందని నా నమ్మకం. అట్లాంటి పాత కెమెరా బజారులో ఎంతకు పోతుందో పోటీదారే వచ్చి చెప్పాడు. ఇద్దరికీ వ్యాపార తగాదాలు ఉన్నాయని తెలిసినవాళ్ళకు ఆశ్చర్యమేసింది.

తీర్పు వచ్చేసరికి కొన్నేళ్ళు పట్టింది. గోడ పడింది గుంట వల్లేనని, ఆ ఒక్క ఫ్రేములోని ఫోటోనూ కమిషనర్ రిపోర్టునూ పట్టుకుని కోర్టు తేల్చింది. కానీ మేస్త్రీ అంచనా కొత్త ఇటుక గోడకు. పడింది పాత గోడ కనుక కొంత తగ్గించారు. ఎన్‌లార్జర్‌కూ కెమెరాకూ వాడిన వస్తువుల విలువ కట్టారు. నెగెటివ్‌లకు ఏమీ రాలేదు. వాటి విలువ చూపే ఆధారం లేదన్నారు. అది తప్పు తీర్పని ఇప్పటికీ అనను. ఏ లెక్క చూపించగలిగాం మేము?

ఆయనకు తీర్పు చదివి వినిపించాను. "కెమెర నాదే అని రాసిండ్రా?" అని అడిగాడు. రాశారన్నాను. "నెగెటివ్‌లు మాత్రం నాయి కావు వకీలమ్మా, అందరియి. అడుగుతే అందరు అడగాలె" అన్నాడు.

అప్పీలు గడువు దాటాక దరఖాస్తు పెట్టి, నకలు ఉంచి, అసలు ఫోటో వాపసు తీసుకున్నాను. వెనక కోర్టు ముద్ర, గుర్తు నంబరు, జడ్జిగారి పొట్టి సంతకం. ఆమె చేతికిస్తే ముద్రను వేలితో తడిమి, "పోదా ఇది?" అంది. పోదన్నాను. నవ్వి బట్టలో చుట్టుకుంది.

తర్వాతి ఏళ్ళలో చాలా మారింది. ముఖ్య విచారణ అఫిడవిట్లలోకి వచ్చింది. ఫోటోలు సీడీల్లోకి వచ్చాయి, వాటికి సర్టిఫికెట్ జోడించాల్సి వచ్చింది. నష్టపోయి వచ్చినవాళ్ళను నేను ముందు రసీదులు అడగను. ఏమేం పోయాయో మొత్తం చెప్పమంటాను. కాగితం మీదికి రానివి కూడా చెబుతారు. వర్ని నుంచి వచ్చిన ఒక రైతు మునిగిన నారుమడి గురించి రెండు మాటల్లో చెప్పి, ఆ ఏడు పంటను నమ్ముకుని కూతురికి ఇచ్చిన మాట గురించి అరగంట చెప్పాడు. దావాలో నారుమడి మాత్రమే రాశాను. మిగతాది విన్నాను.