పల్లపు మూలలో మేకు

వాన పడితే తప్ప ఎవరికీ గుర్తురాని మనిషి పెంకుల మేస్త్రి. ఎండాకాలం నాలుగు నెలలూ ఎదురుపడినా పలకరించనివాళ్లు, మొదటి జల్లు నెత్తిమీద పడగానే "మేస్త్రీ, మా నాయనా" అంటూ గుమ్మం ముందు నిలబడతారు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం తప్పంటారు గానీ, ఈయన తిన్నా తినకపోయినా ఏ ఇంటికెళ్లినా ముందు లెక్కపెట్టేది వాసాలే. ఊళ్లో ఎవరింట్లో ఏ వాసం పుచ్చిందో చెప్పగలడు. ఆ ఇళ్లలో పిల్లల పేర్లడిగితే మాత్రం తెల్లమొహం వేస్తాడు. భార్య పోయి తొమ్మిదేళ్లయింది. తమ్ముడు వెళ్లిపోయి ఆరేళ్లు. రోజంతా కప్పుల మీద, చీకటి పడ్డాక ఒంటిగదిలో. కొన్ని రోజులు నోట్లోంచి నాలుగు మాటలైనా రాకుండానే గడిచిపోతాయి.

అలాంటి మనిషి ఆరేళ్లుగా ఒక్క వీధిలో మాత్రం అడుగుపెట్టలేదు. అది టైలరమ్మ వీధి. ఎవరైనా అక్కడ పని ఉందంటే మోకాళ్ల నొప్పి అనేవాడు. పక్క వీధిలో పని ఉంటే ఆ నొప్పి ఉండేది కాదు.

సంగతేమిటంటే, టైలరమ్మ ఇంటికి రెండు వసారాలు, ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. రెండు వాలులూ కలిసేచోట పల్లపు మూల పడుతుంది. రెండు కప్పుల నీళ్లూ ఆ ఒక్కచోటికే పరుగెడతాయి కాబట్టి, పెంకుల కింద రేకుతో కాలువలా వేస్తారు. ఆ రేకు పని తమ్ముడు చేశాడు. పెంకులు అన్న కప్పాడు. మొదటి వానకే కుట్టుమిషను గదిలో ధార కట్టింది.

"రేకు మీద రేకు చాలినంత ఎక్కించలేదు వీడు" అన్నాడు అన్న, నిచ్చెన ఎక్కకుండానే, వీధిలో పదిమంది ముందు. "నీ చేతికి పని ఇవ్వడం నాదే తప్పు. పనికిమాలిన వెధవా."

తమ్ముడు నిచ్చెనెక్కాడు, చూశాడు, దిగాడు. ఆ సాయంత్రమే బట్టలు సర్దుకుని వేరే ఊరు వెళ్లిపోయి, రేకుల షెడ్లు వేసేవాళ్లలో చేరాడు. తప్పు చేసినవాడు కాబట్టే నోరెత్తలేదని అన్న అనుకున్నాడు. ఆ ఒక్క అనుకోవడాన్ని పట్టుకునే ఆరేళ్లు బతికాడు.

ఈ ఏడు టైలరమ్మే స్వయంగా వచ్చింది. "అందరూ వచ్చి తారు పూసి పోయారు మేస్త్రీ. కప్పు నల్లబడింది గానీ కారడం ఆగలేదు. మిషను తుప్పు పడుతోంది. మీ మోకాళ్లు ఎలా ఉన్నాయో నాకు తెలుసు గానీ, లేవండి."

లేచాడు.

నీళ్లు ఇంట్లో పడ్డచోటే పైన కన్నం ఉంటుందనుకోవడం వెర్రితనం. రంధ్రంలో దూరిన చుక్క వాసం పట్టుకుని నాలుగడుగులు జారి, ఏ ముడి దగ్గరో కిందపడుతుంది. అందుకే మేస్త్రి ముందు ఆమెను మిషను గదిలో నిలబెట్టాడు. పైకెక్కి చూరు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో వరుసా పైకి జరుగుతూ, చెంబుతో నీళ్లు వదలసాగాడు. పైనుంచి మొదలుపెడితే అన్ని వరుసలూ ఒకేసారి తడిసి, దొంగ ఎక్కడున్నాడో తేలదు.

"పడుతోందా అమ్మా?"

"లేదు!"

"ఇప్పుడు?"

"లేదు మేస్త్రీ!"

వారం రోజుల్లో అతను మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఇన్ని ఉండవు. అయిదో వరుసకి వచ్చేసరికి కింద కేక వినిపించింది. "పడుతోంది! పడుతోంది!" ఆమె గొంతులో నిధి దొరికినంత సంబరం.

ఉలితో తారు గీకాడు. పల్లం అంచున చిన్న ముక్క పెంకు ఒకటుంది. మూలకి సరిపోయేలా కోసినప్పుడు దాని వెనక కొక్కెం తెగిపోయింది. కొక్కెం లేని ముక్క వాసాల మీది అడ్డబద్దకి, అంటే రీపరుకి, ఆనదు, జారిపోతుంది. అలాంటి ముక్కకి బెజ్జం వేసి, తీగతో రీపరుకి కట్టాలి. ఏం చేసినా పల్లపు రేకులో మేకు పడకూడదు. ఈ సూత్రం తమ్ముడికి చెంపదెబ్బ కొట్టి మరీ నేర్పింది ఇతనే.

ఆ ముక్క నడుమ ఓ మేకు దిగి ఉంది.

మేకు తల కింద గుండ్రంగా కత్తిరించిన సైకిలు ట్యూబు ముక్క. ఆ చుట్టుపక్కల మేకుకి ట్యూబు రబ్బరు వేసే మేస్త్రి ఇంకొకడు లేడు. "ఆయన సంతకం" అని తోటివాళ్లు నవ్వేవారు. రబ్బరు పెంకు మీది బెజ్జాన్ని మూసింది, నిజమే. పెంకు కింద రేకులో పడ్డ బెజ్జాన్ని ఏం మూస్తుంది? కాలువ నీళ్లన్నీ దాని మీదుగానే పోవాలి.

మిగతా పెంకులు తీసి రేకు చూశాడు. పైరేకు కిందిరేకు మీదికి జానెడు పైనే ఎక్కి ఉంది. రెండు అంచులూ నీళ్లు పొర్లకుండా పైకి మడిచి ఉన్నాయి. వంక పెట్టడానికి వీల్లేని పని.

పెంకులు కప్పిన రోజు మబ్బు కమ్ముకొస్తుంటే, తీగ కట్టే ఓపిక లేక, ఒక్క మేకే కదా అనుకున్నాడు. ఆ తర్వాత మరిచిపోయాడు. మరిచిపోయానని ఇన్నాళ్లూ తనకు తాను చెప్పుకున్నాడు. మరి ఈ వీధికి రావడానికి మోకాళ్లు ఎందుకు నొప్పెట్టాయో ఇప్పుడు దాచుకోవడానికి లేదు. సిగ్గుతో వాలు మీదే చతికిలబడ్డాడు.

మేకు పీకి జేబులో వేసుకుంటే చాలు. లోకానికి తెలియదు.

"దొరికిందా? మీ తమ్ముడి రేకేగా?" కిందనుంచి టైలరమ్మ అడిగింది.

"కాదమ్మా. వాడి పని బంగారం. నేను కొట్టిన మేకు" అన్నాడు, వీధిలోవాళ్లకి కూడా వినపడేలా.

పైనే కూర్చుని ఫోను చేశాడు. ఎన్నోసార్లు తీసి, నొక్కకుండా పెట్టేసిన నంబరు అది. అవతల రేకుల మీద సుత్తి చప్పుడు.

"నేనురా" అన్నాడు. "టైలరమ్మ కప్పు విప్పాను. మేకు నాదిరా."

సుత్తి చప్పుడు ఆగింది.

"తెలుసన్నా. ఆరోజే చూశాను."

"చూసి... చెప్పలేదేరా?"

"పదిమందిలో నిన్ను ఏమనమంటావు? నువ్వే ఎక్కి చూస్తావు, రెండురోజుల్లో పిలుస్తావు అనుకున్నా. రెండు నెలలు చూశా." తమ్ముడి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది మేస్త్రికి. "ఇప్పుడెందుకులే అన్నా, అవన్నీ."

"వచ్చేయరా. మునపటిలా చేసుకుందాం."

"ఇక్కడే స్థలం కొనుక్కుని ఇల్లేసుకున్నాను. పిల్లాణ్ని బళ్లో వేశాం."

పిల్లాడు ఉన్నాడని మేస్త్రికి తెలియదు. పేరేమిటని అడగబోయాడు. ఈలోగా తమ్ముడే అందుకున్నాడు.

"సరే అన్నా, పైన జాగ్రత్త. పెంకులు అందించడానికి కింద ఎవరున్నారు?"

"ఉన్నార్లేరా" అన్నాడు మేస్త్రి.

ఫోను జేబులో పెట్టుకుని, మేకు పీకాడు. పైరేకు కిందికి దూరేలా, కన్నం దాటి దిగేలా కొత్త రేకు ముక్క జొనిపాడు. తర్వాత నిచ్చెన దిగి, ఎనిమిది పెంకులు భుజానికెత్తుకుని, మళ్లీ పైకెక్కాడు.