నవ్వులపాలు కాని పేరు కోసం

ప్రైవేటు బడిలో చాలా ఏళ్లు తెలుగు చెప్పి మానేశాక, జహీరాబాద్‌లో నాకు మిగిలిన సాహిత్య సేవ ఒక్కటే. హైవే పక్కన ట్రాక్టర్ స్పేర్ పార్టులు అమ్మే భాయ్ దుకాణానికి కరపత్రాలు రాసిపెట్టడం. రంజాన్‌కు ఒకటి, దసరాకు ఒకటి. ఆయన ఇంట్లో ఉర్దూ, కౌంటర్ దగ్గర తెలుగు మాట్లాడతాడు. కరపత్రం చదివి, "మస్తుగుంది టీచరమ్మా, జర సమజయ్యేటట్టు రాయున్రి" అనేవాడు. నేను నొచ్చుకునేదాన్ని. మళ్లీ రాసేదాన్ని.

ఒకరోజు కబురు పంపాడు. వెళ్తే దుకాణం మీది గదిలో ఒక అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. బీదర్ వైపు కన్నడ కుటుంబం, కోహీర్ కోడలు. హైదరాబాద్ కంపెనీల సాఫ్ట్‌వేర్ పని ఇంటి నుంచే చేసి, బిడ్డ పుట్టాక మానేసిందట. తల్లిది ఉద్గీర్, కాబట్టి మరాఠీ కూడా వచ్చు. భాయ్, ఆ అమ్మాయి కలిసి ఒక యాప్ తయారుచేశారు. రైతు ఫోన్‌లోంచే దగ్గర్లో ఖాళీగా ఉన్న ట్రాక్టరో, రోటవేటరో, విత్తనాలు వేసే యంత్రమో కిరాయికి మాట్లాడుకోవచ్చు. యాప్ పనిచేస్తోంది. పేరు లేదు.

"పేరు మీరే పెట్టాలె. తెలుగు మాటలు మీ దగ్గర గోదాముల ఉన్నట్టు ఉంటయి" అన్నాడు భాయ్.

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నాగలి" అన్నాను. ఎవరైనా చప్పట్లు కొడతారేమోనని ఆగాను కూడా.

అమ్మాయి చప్పట్లు కొట్టలేదు. ఇంగ్లిష్ అక్షరాల్లో Nagali అని టైపు చేసి, పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది.

"ఏమ్మా?"

"ఏం లేదు టీచర్. యాప్‌ల స్టోర్‌ల చాలామంది ఇంగ్లిష్ అక్షరాల్లనే వెతుకుతరు. గట్ల రాస్తె దీర్ఘం పోతది. మా కన్నడపోళ్లు ‘నగలి’ అని చదువుతరు. అంటే నవ్వనీ అని."

"నవ్వితే నవ్వనీ, మంచిదే కదా!"

"మా అమ్మోళ్ల మరాఠీల నాగలి అంటే రాగులు. ట్రాక్టర్ కోసం వచ్చినోడు రాగులెంత కిలో అని అడుగుతడు."

నేను పట్టు విడవలేదు. రైతులకు భాషాభేదాలు తెలియవా, సందర్భం చూసి అర్థం చేసుకోరా అని పాఠం మొదలుపెట్టాను. భాయ్ మధ్యలో తన ఫోన్ తీశాడు. "మా తాన టైపు ఎవరు కొడ్తరు టీచరమ్మా? మైక్‌ల మాట్లాడ్తరు" అని స్టోర్ తెరిచి, మైకు గుర్తు నొక్కి, తన ఉచ్చారణలో "నాగ్లీ" అన్నాడు. ఆయన ఫోన్ హిందీలో ఉంది. తెర మీద ‘నకలీ’ అని పడింది. కింద దొంగ నోట్లు కనిపెట్టే యాప్‌లు, ఉత్తుత్తి ఫోన్ కాల్స్ చేసి స్నేహితులను ఏడిపించే యాప్‌లు వరుసగా వచ్చాయి.

నకిలీ విత్తనాలతో మండిపోయి ఉన్న రైతుల దగ్గరికి నకిలీ యాప్ తీసుకుని పోవడమా! చాయ్ తాగి ఇంటికి వచ్చేశాను.

మర్నాడు "దుక్కి" పట్టుకుని వెళ్లాను. గర్వం కొంచెం తగ్గించుకుని, నోటితో చెప్పకుండా కాగితం మీద రాసి ఇచ్చాను. భాయ్ పైకి చదివి, మొహం వేలాడేశాడు.

"దుఃఖీ యాప్. డౌన్‌లోడ్ చేసుకోని ఇంటిల్లిపాది కూసోని ఏడ్వాలె."

"క్క అండీ, ఖ కాదు."

"మీరు ప్రతి ఒక్కరి పక్కన నిలవడి ఒత్తు దిద్దుతరా టీచరమ్మా?"

కన్నడంలో నవ్వు, ఉర్దూలో ఏడుపు. ఇక నవరసాల్లో మిగిలినవి చూడటమే అనుకున్నాను.

మూడో పేరు మీద నాకు చాలా నమ్మకం ఉండింది. ట్రాక్టర్ కిరాయి గంట లెక్కన మాట్లాడుకుంటారు. అందుకని "గంట". రెండక్షరాలు, గుర్తుగా చిన్న గంట బొమ్మ. నేను బొమ్మ కూడా గీసి పట్టుకెళ్లాను. చూపించగానే భాయ్ చెవులు ఎర్రబడ్డాయి. ఆయన అమ్మాయి వంక చూశాడు. అమ్మాయి కంప్యూటర్ వంక చూసింది.

"మంచిగనే ఉన్నది," అన్నాడు భాయ్ మెల్లగా. "కని హిందీల పోరలు వేరే తీర్గ వాడ్తరు."

"ఏ తీరుగా?"

"జర... ఇజ్జత్ లేని తీర్గ."

"చెప్పండి, నేనేం చిన్నపిల్లనా?"

"పెద్దమనుషులు, మీ ముందట నేను చెప్పలేను" అని ఆయన గిరాకీ వచ్చిందన్న వంకతో కిందికి దిగిపోయాడు. కింద ఎవరూ లేరు. నాకు కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది.

చివరికి అమ్మాయే చెప్పింది. "ఏం రాదు పో, అనేటప్పుడు అంటరు టీచర్. ట్రాక్టర్ ఆయేగా అని రైతు అడిగిండనుకో, ఘంటా ఆయేగా అంటరు. అంటే జన్మల రాదు అని."

నేను గీసుకొచ్చిన బొమ్మను మడిచి సంచిలో పెట్టుకున్నాను. అయినా ఆ అమ్మాయి నా మనసు నొచ్చకూడదని స్టోర్‌లో వెతికి చూపించింది. దాని వల్ల ఇంకాస్త నొచ్చింది. బడి గంట, గుడి గంట, అలారం గంట, రింగ్‌టోన్ల గంట. లక్షల మంది దించుకున్నవి పైన ఉంటాయి, కొత్తగా వచ్చే మాది ఎంత కిందికి జరిపినా కనిపించదు. ఒకే పేరు ఇద్దరు పెట్టుకోవడానికి ఆండ్రాయిడ్ స్టోర్ ఒప్పుకుంటుందట. కానీ ఒప్పుకోవడం వేరు, దొరకడం వేరు అంది. ఒక్క ఫోన్‌లో చూస్తే సరిపోదని కూడా అప్పుడే తెలిసింది. మనం ముందు వెతికినవాటిని బట్టి, ఫోన్ భాషను బట్టి ఫలితాలు మారతాయట. అందుకని భాయ్ హిందీ ఫోన్, తన కన్నడ ఫోన్, నా తెలుగు ఫోన్ పక్కపక్కన పెట్టి మూడింటిలోనూ చూసేది.

ఈలోగా పరీక్ష కోసం స్టోర్‌కు ఎక్కించిన యాప్ లోపలి గుర్తింపులో ఆమె నా మీది గౌరవంతో nagali అని పెట్టేసిందట. పైకి కనిపించే పేరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు గానీ, ఆ గుర్తింపు మారదు. మార్చాలంటే మొదటి నుంచి వేరే యాప్‌గా పెట్టాలి. "ఉండనీ, లోపల్నే కదా" అన్నాడు భాయ్. "బావిల ఊట లెక్క ఉంటది."

తర్వాత కొన్నాళ్లు నేను వెళ్లలేదు. అలిగానని వాళ్లు అనుకున్నారు. నిజానికి నా గోదాము ఖాళీ అయింది.

తొలకరి పడిన వారం రబ్బరు చెప్పు తెగి, కుట్టించుకోవడానికి వెళ్తూ దుకాణం ముందు ఆగాను. భాయ్ ఫోన్‌లో న్యాల్‌కల్ ట్రాక్టర్ యజమానితో గట్టిగా మాట్లాడుతున్నాడు. "రేపు ఎందుకు, ఇయ్యాల్నే పంపు! పదును పోయినంక ట్రాక్టర్ వస్తె ఏం ఫాయిదా?"

నేను రోడ్డు మీదే నిలబడిపోయాను. పదును. వాన పడ్డాక నేల మరీ తడిగా కాక, మరీ ఎండక, దున్నడానికీ విత్తడానికీ సరిగ్గా ఉండే ఆ నాలుగు రోజులు. రైతు ట్రాక్టర్ కోసం పరుగులు పెట్టేది అందుకే.

"పదును!" అని అరిచాను.

"ఏంది టీచరమ్మా, కత్తికా?" అన్నాడు ఫోన్ పెట్టేస్తూ.

విషయం చెప్పగానే ఇద్దరం మెట్లెక్కాం. అమ్మాయి Padunu అని రాసింది. కన్నడంలో తనకేమీ తట్టలేదు. మరాఠీ కోసం తల్లికి ఫోన్ చేసింది. ఆమెకూ ఏమీ తోచలేదు. భాయ్ మాత్రం రెండుసార్లు పలికి చూసి, "పఢూఁ నా? చదువుకోనా అన్నట్టున్నది. టీచరమ్మ యాప్‌కు సరిపోయింది" అన్నాడు. మళ్లీ ఆగి, గొంతు తగ్గించి, "కని ఒక్క మాట. a ఒక్కటే పెట్టున్రి. రెండు పెడితె హిందీల కడుపుల గాలి సంగతి అయితది" అన్నాడు. ఈసారి కిందికి పారిపోలేదు. నాలో ఏదో పురోగతి కనిపించి ఉంటుంది.

తెలిసిన భాషలు అయిపోయాయి, తెలియనివి మిగిలాయి. వాటి కోసం అమ్మాయీ నేనూ ఆమె స్కూటీ మీద చిరాగ్‌పల్లి వెళ్లాం. అక్కడి ధాబాల దగ్గర దేశంలోని లారీలన్నీ ఆగుతాయి. బడి మానేసిన తెలుగు టీచర్, ల్యాప్‌టాప్ సంచితో ఒక పిల్ల వచ్చి, రొట్టె తింటున్న డ్రైవర్లను ఈ మాట వింటే మీకేమనిపిస్తుంది అని అడగడం ఆ ధాబా ఎన్నడూ చూసి ఉండదు. తమిళ డ్రైవర్ పాడమన్నట్టుందన్నాడు. మలయాళీ ఆయనా తమ భాషలో పాడుతోంది అన్నట్టే వినిపిస్తుందన్నాడు. పంజాబీ ఆయన ఆలోచించి, చదువుకు సంబంధించిందా అని అడిగాడు. గుజరాతీ ఆయనకు ఏమీ అనిపించలేదు, ఉల్లిపాయ అటివ్వమన్నాడు.

"ఎవరూ తిట్టలేదు," అంది అమ్మాయి తిరిగొస్తూ. "పాస్."

స్టోర్‌లో మూడు ఫోన్లలోనూ ఆ పేరుతో ఏ యాపూ లేదు. చదువుల యాప్‌లు రెండు మూడు మాత్రం అక్షరాలు కలిసి వచ్చాయి. ట్రేడ్‌మార్క్‌ల సైటులో వెతికితే అక్కడా అలాంటిది కనబడలేదు. పేరుకు ముప్ఫై అక్షరాలే చోటు. అందులో "Padunu: Tractor Kiraya" అని పట్టించారు. కిరాయి అన్న మాట ఈ చుట్టుపక్కల ఎవరికైనా అర్థమవుతుందని, మనుషులు పేరుతో కాదు అవసరంతో వెతుకుతారని అమ్మాయి వాదన. తోకలా ఉందని నేను గొణిగాను. ఇద్దరూ తోకనే ఉంచారు.

యాప్ బయటికి వచ్చింది. పేరు ఎవరు పెట్టారన్నది ఇంకా తేలలేదు. వచ్చింది నా నోట్లోంచి అంటాడు భాయ్. చెవితో పట్టుకుంది నేను అంటాను.

మొన్న అమ్మాయి తెర తిప్పి చూపించింది, జనం ఏ మాటలు కొట్టి మా యాప్ దగ్గరికి వచ్చారో స్టోర్ చెబుతుందట. ట్రాక్టర్ కిరాయి పైన ఉంది. పదును బాగా కింద, అయినా ఉంది. దాన్ని చూసి నేను మురిసిపోతుంటే కింద దుకాణంలో ఎవరో పెద్దమనిషి వచ్చి భాయ్‌ను అడుగుతున్నాడు.

"సేఠ్, గా భాయ్ యాప్ ఉన్నదంట గదా, జర నా ఫోన్ల ఎక్కియ్యి."

భాయ్ మెట్ల వైపు తలెత్తి, నాకు వినబడేలా అన్నాడు. "దాని పేరు పదును, చాచా. టీచరమ్మ మీది గదిల ఉన్నది, జర మెల్లగ మాట్లాడు."